మూడు నుంచి కాదు, ఒకటి నుంచి కాదు, అయిదు నుంచే ఎందుకు?

"నాకు 27 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను. పెళ్లయ్యాక ఇంట్లోనే ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను, తొమ్మిది మంది వస్తారు. మొన్న గణితానుగమనంలో n ≥ 5 అయితే 2ⁿ > n² అని రుజువు చేసే లెక్క చెప్పాను. n = 5 కి 32 > 25 అని సరిచూశాను. తర్వాత 2ᵏ > k² నిజం అనుకుని, 2ᵏ⁺¹ = 2·2ᵏ > 2k² > (k+1)² అని రాసి ముగించాను. ఒక అబ్బాయి '2k² ఎందుకు పెద్దది అక్కా?' అన్నాడు. 'k అయిదుకి తగ్గదు కదా, చూస్తేనే తెలుస్తోంది' అన్నాను. మర్నాడు వాడే వచ్చి 'k = 3 కి కూడా 18 > 16 అవుతోంది, మరి 3 నుంచి ఎందుకు మొదలుపెట్టకూడదు? n = 1 కి 2 > 1 కూడా నిజమే, 1 నుంచి ఎందుకు కాదు?' అని అడిగాడు. నాకు వెంటనే ఏమీ తోచలేదు. 'పుస్తకంలో అయిదు నుంచే ఉంది' అనేశాను. అప్పటి నుంచి వాడు ఏమీ అడగడం లేదు. ఇంకో పాప వాళ్లమ్మ 'మేడమ్‌కే డౌటట కదా' అన్నారని తెలిసింది. రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఆ చాప్టర్ వదిలేసి ముందుకు వెళ్లిపోనా, మళ్లీ చెప్పనా? చెబితే ఏమని చెప్పను?"

— ఒక ట్యూషన్ టీచర్

అమ్మా,

ముందుగా మీ రుజువు సంగతి. అందులో తప్పు లేదు, ఒక వరుస తక్కువైంది, అంతే. ఆ వరుస బోర్డు మీద ఉండి ఉంటే ఆ అబ్బాయి రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే కనిపించేది. వాడు అడిగినవి రెండు ప్రశ్నల్లా ఉన్నాయి గానీ, నిజానికి ఒకే సంగతిని రెండు వైపుల నుంచి పట్టుకున్నాడు. కాబట్టి ఏం చెప్పాలో ముందు చూసుకుందాం. ఎలా చెప్పాలన్నది ఆ తర్వాత తేలికవుతుంది.

మీరు వదిలేసిన వరుస ఇది. 2k² నుంచి (k+1)² తీసేస్తే k² − 2k − 1 మిగులుతుంది. అందులో పూర్ణ వర్గం వచ్చేలా రాస్తే (k−1)² − 2 అవుతుంది. ఇక ఊహించాల్సిన పని లేదు. k = 1 అయితే దాని విలువ −2, k = 2 అయితే −1, k = 3 అయితే 2, k = 4 అయితే 7. మూడు నుంచి పైకి k − 1 కనీసం 2, దాని వర్గం కనీసం 4, అందులోంచి 2 తీసేసినా ధన సంఖ్యే మిగులుతుంది. అంటే 2k² > (k+1)² అన్నది k ≥ 3 అయిన ప్రతి సహజ సంఖ్యకీ నిజం, ఒకటికీ రెండుకీ మాత్రం అబద్ధం. 18 > 16 అని ఆ అబ్బాయి చూసింది సరిగ్గా ఈ హద్దునే. మీరు 'చూస్తేనే తెలుస్తోంది' అన్న చోట వాడు నిజంగా చూశాడు.

ఇప్పుడు రెండో సంగతి. మీరు రుజువు చేయాల్సిన వాక్యం ఎక్కడెక్కడ నిజమో చిన్న సంఖ్యలకు రాసి చూడండి. n = 1 కి 2, 1: నిజం. n = 2 కి 4, 4: సమానం, కాబట్టి 'కంటే ఎక్కువ' అన్నది అబద్ధం. n = 3 కి 8, 9: అబద్ధం. n = 4 కి 16, 16: మళ్లీ సమానం, మళ్లీ అబద్ధం. n = 5 కి 32, 25: నిజం.

అనుగమనంలో రెండు భాగాలుంటాయని మీకు తెలుసు. పిల్లలకు ఎక్కువగా తెలియనిది ఏమిటంటే, ఆ రెండు భాగాలకీ వేర్వేరు హద్దులు ఉండవచ్చు. k దగ్గర నిజమైతే k+1 దగ్గర కూడా నిజం అనే అడుగు ఒక చోటు నుంచి పనిచేయడం మొదలవుతుంది. వాక్యం స్వయంగా నిజమయ్యే చోటు వేరే ఉంటుంది. మొదలుపెట్టే చోట వాక్యం నిజమై ఉండాలి, అక్కడి నుంచి పైకి ప్రతి అడుగూ పనిచేస్తూ ఉండాలి. రెండూ కలిసిన చోటే మొదలు.

ఆ అబ్బాయి చెప్పిన ఒకటిని తీసుకోండి. వాక్యం నిజమే, కానీ అడుగు పడదు. 2 > 1 ని రెట్టింపు చేస్తే 4 > 2 వస్తుంది. మనకు కావలసింది 4 > 4. అది రాదు, రాకూడదు కూడా, ఎందుకంటే అది అబద్ధం. మూడు దగ్గర దీనికి తలకిందులు. అడుగు నిక్షేపంగా ఉంది: 8 గనక 9 కంటే ఎక్కువైతే, 16 అనేది 18 కంటే ఎక్కువ కావాలి, అప్పుడు 16 కంటే కూడా ఎక్కువ కావాలి. ఈ 'అయితే' మాటలో లోపం లేదు. కానీ 8 తొమ్మిది కంటే ఎక్కువ కాదు. షరతే తీరలేదు కాబట్టి ఆ అడుగు మనకు ఏమీ ఇవ్వదు. నాలుగు దగ్గరా అంతే, 16 > 16 కాదు. అయిదు దగ్గర మొదటిసారి రెండూ కలుస్తాయి. 32 > 25 అన్నది లెక్క కట్టి చూసిన నిజం, అడుగు అప్పటికే మూడు నుంచి సిద్ధంగా ఉంది. వెనక నుంచి ఎవరూ మోసుకురాకుండా అయిదు తన సొంత బలంతో నిజమైంది. ఆరు, ఏడు, ఆ పైవన్నీ దాని మీద నిలబడతాయి.

మీకు తోచకపోవడం సహజమే. పాఠంలో వచ్చే లెక్కల్లో చాలావాటికి ఈ రెండు హద్దులూ 1 దగ్గరే కలిసిపోతాయి. 1 + 2 + … + n లాంటి మొత్తాల్లో n = 1 కి సరిచూస్తాం, అడుగు కూడా ఒకటి నుంచే నడుస్తుంది. అలాంటివి పది చేశాక, మొదలు అంటే ఒక ఆచారం అన్న భావన పిల్లల్లోనే కాదు, చెప్పేవాళ్లలోనూ వచ్చేస్తుంది. ఈ లెక్క ఆ అలవాటును కదిలిస్తుంది. అందుకే నాకు ఇది చాలా ఇష్టమైన లెక్క.

దీన్నే పిల్లల కళ్లకు కట్టేలా చెప్పే మార్గం ఇంకొకటి ఉంది. 2ⁿ ని n² తో భాగించి వరుసగా రాయించండి. n = 1 దగ్గర 2. రెండు దగ్గర 1. మూడు దగ్గర 8/9, అంటే సుమారు 0.89. నాలుగు దగ్గర మళ్లీ 1. అయిదు దగ్గర 1.28, ఆరు దగ్గర సుమారు 1.78, ఏడు దగ్గర సుమారు 2.61. మొదట దిగింది, మూడు దగ్గర అట్టడుగుకు చేరింది, అక్కడి నుంచి ఎక్కుతూనే ఉంది. ఎందుకంటే ఒక్కో మెట్టుకీ పైనున్న 2ⁿ రెట్టింపవుతుంది, కిందనున్న n² ఏమో (1 + 1/n)² రెట్లు పెరుగుతుంది. ఒకటి నుంచి రెండుకి వెళ్లేటప్పుడు వర్గం 4 రెట్లయింది, రెండు నుంచి మూడుకి 2.25 రెట్లు. అందుకే భిన్నం దిగింది. మూడు నుంచి నాలుగుకి 16/9, అంటే 1.78 రెట్లే. రెట్టింపు కంటే తక్కువ. ఆ తర్వాత 1.56, 1.44, ఇంకా తగ్గుతూనే పోతుంది. మీ అడుగు చెప్పేది 'మూడు నుంచి ఈ భిన్నం పెరుగుతుంది' అని మాత్రమే. మీ మొదలు చెప్పేది 'అయిదు దగ్గర ఇది ఒకటిని దాటి ఉంది' అని. పెరుగుతోంది అన్నంత మాత్రాన ఒకటిని దాటినట్టు కాదు, దాటింది అన్నంత మాత్రాన మళ్లీ పడిపోదని కాదు. ఒకటి దగ్గర 2 ఉన్న భిన్నం రెండు మెట్లలోనే 0.89 కి పడిపోవడం పిల్లలు చూస్తే, ఆ అబ్బాయి రెండో ప్రశ్నకు మీరు మాట కూడా చెప్పక్కర్లేదు.

ఇక బోర్డు మీద ఏ రుజువు పెట్టాలన్నది. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి, మీ పిల్లల్ని బట్టి మీరే ఎంచుకోండి.

మీ రుజువునే ఉంచి, మధ్యలో (k−1)² − 2 వరుస చేర్చడం మొదటిది. తొమ్మిది మందికీ అందుతుంది, పరీక్షలో రాయడానికీ బాగుంటుంది. దీనితో ఒక చిక్కు మాత్రం ఉంది. కొందరు పిల్లలు చివరి నుంచి వెనక్కి రాస్తారు. 2ᵏ⁺¹ > (k+1)² అని మొదటి వరుసలోనే రాసేసి, రెండు వైపులా ఏవేవో చేసి, చివరికి 14 > 0 లాంటిదేదో వచ్చాక 'కాబట్టి నిజం' అంటారు. రుజువు చేయాల్సిందాన్ని మొదటే వాడేసుకున్నారన్న మాట. నోట్‌బుక్‌లో దీన్ని పట్టుకోవడం సులువే. '2ᵏ > k²' అనే మన ఊహను ఏ వరుసలో వాడావో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే అది రుజువు కాదు. సరైన రుజువులో ఆ చోటు ఒక్కటే: 2·2ᵏ > 2k² అన్న వరుస. ఆ వెంటనే రెండో ప్రశ్న వేయండి: k ఎంతకు తగ్గకూడదో ఏ వరుసలో వాడావు? దీనికి జవాబు (k−1)² ≥ 4 అన్న చోట. అక్కడ వాడింది k ≥ 3 మాత్రమేనని కూడా పిల్లలే గమనిస్తారు.

రెండో దారి కూడిక. 2ᵏ⁺¹ ని 2ᵏ + 2ᵏ గా, (k+1)² ని k² + (2k+1) గా విడదీయడం. మొదటి ముక్కకు మన ఊహ సరిపోతుంది, రెండో ముక్కకు 2ᵏ > 2k+1 కావాలి. దాన్ని విడిగా మరో అనుగమనంతో తేల్చాలి, అది మూడు దగ్గర 8 > 7 తో మొదలవుతుంది. రుజువు పొడుగవుతుంది, రెండు అనుగమనాలు ఒకదాంట్లో ఒకటి ఉండడంతో కొందరు తికమకపడతారు. కానీ 'చూస్తేనే తెలుస్తోంది' అని ఎక్కడా అనాల్సిన పని ఉండదు. వర్గ సమాసాలంటే భయపడే పిల్లలుంటే ఇది నయం.

మూడోది అనుగమనమే కాదు. ద్విపద సిద్ధాంతం మీ పిల్లలకు ఇంకా రాకపోతే దాచి ఉంచండి, వచ్చాక తప్పకుండా చూపించండి. 2ⁿ అంటే (1+1)ⁿ, అంటే ద్విపద గుణకాలన్నిటి మొత్తం. ఆ గుణకాల్లో మొదటి మూడూ 1, n, n(n−1)/2. చివరి మూడూ అవే, వెనక నుంచి. మొదటి మూడూ చివరి మూడూ వేర్వేరు పదాలైతే, 2ⁿ కనీసం ఆ ఆరిటి మొత్తమంత ఉండాలి. కలిపి చూడండి: 2(1 + n) + n(n−1) = n² + n + 2. ఇది n² కంటే ఎక్కువే కదా. ఆ ఆరూ వేర్వేరుగా ఉండాలంటే కనీసం ఆరు గుణకాలు ఉండాలి, అంటే n కనీసం 5 ఉండాలి. n = 5 కి సరిగ్గా ఆరే గుణకాలు, మొత్తం 25 + 5 + 2 = 32. n = 4 కి అయిదే గుణకాలు. మధ్యలోని 6 రెండుసార్లు లెక్కకు వచ్చి మొత్తం 22 అవుతుంది, అదనపు ఆరు తీసేస్తే 16. అయిదు అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రుజువు తనంతట తానే చెబుతుంది. అయితే ప్రశ్నలో 'గణితానుగమనంతో' అని ఉంటే దీన్ని జవాబుగా రాయకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

ఇప్పుడు మీ ఇంటి ముందు గది సంగతి. చాప్టర్ వదిలేసి వెళ్లిపోతే ఈ వారం కాస్త తేలికగా ఉండవచ్చు. కానీ 'ఎక్కువ' 'తక్కువ' లతో వచ్చే అనుగమనం లెక్కలన్నిటిలోనూ ఇదే ప్రశ్న మళ్లీ లేస్తుంది, అప్పుడు ఆ అబ్బాయి అడగడు. అడగనివాడికి మీరు చెప్పనూ లేరు. ఏమీ అనకుండా సరిచేసిన రుజువు మాత్రం మళ్లీ బోర్డు మీద పెట్టవచ్చు. లెక్క అందరికీ సరిగ్గా అందుతుంది, మీ మాట కూడా నిలబడినట్టే ఉంటుంది. అయితే 'పుస్తకంలో ఉంది' అన్న జవాబు ఆ అబ్బాయి మనసులో అలాగే ఉండిపోతుంది. అందరి ముందూ వాడి ప్రశ్నతోనే క్లాసు మొదలుపెట్టడం ఇంకో పద్ధతి. 'మొన్న ఒక వరుస రాయకుండా వదిలేశాను, మనవాడు పట్టుకున్నాడు, ఇవాళ అది చూద్దాం' అంటే చాలు. రెండు నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది. వాడు బెరుకున్న పిల్లవాడైతే, పేరు ఎత్తడం ఇష్టమో కాదో ముందే పక్కకు పిలిచి అడగండి. కొందరు పిల్లలకు అందరూ తమవైపు చూడడం శిక్షలా ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఈ అధ్యాయం చెప్పాను. నాకైతే ఈ చివరిదే నచ్చుతుంది. కానీ ఆ గదిలో నిలబడేది మీరు, మీకు వీలైనదే చేయండి.

ఆ పాప వాళ్లమ్మకు మీరు వివరణ ఇవ్వాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఆవిడ ఎదురుపడి అడిగితే 'ఒక అబ్బాయి మంచి ప్రశ్న వేశాడండి, దాని మీద ఇంకో క్లాసు తీసుకున్నాం' అనండి, అది నిజమే. మీరే వెళ్లి సమర్థించుకుంటే, ఆవిడకు గుర్తులేని మాటను కూడా గుర్తుచేసినట్టవుతుంది.

క్లాసు అయిపోయాక ఆ అబ్బాయికి ఒక లెక్క ఇవ్వండి: 2ⁿ > n³ ఎక్కడి నుంచి నిజం? వాడు ముందు అడుగునే చూస్తాడు. 2k³ > (k+1)³ కావాలి. మూడు దగ్గర 54, 64: పడదు. నాలుగు దగ్గర 128, 125: పడుతుంది, అక్కడి నుంచి ఎప్పుడూ పడుతుంది, ఎందుకంటే (1 + 1/k)³ తగ్గుతూ పోతుంది, నాలుగు దగ్గర అది 125/64, రెండుకి కొంచెమే తక్కువ. నాలుగు నుంచి మొదలుపెడదామని వాడికి అనిపిస్తుంది. కానీ అక్కడ 16, 64. భిన్నం 0.25 మాత్రమే. అయిదు దగ్గర 0.256. ఎక్కుతోంది గానీ నత్తనడక. ఎనిమిది దగ్గర 256, 512: సరిగ్గా సగం. తొమ్మిది దగ్గర 512, 729. పది దగ్గర 1024, 1000. అక్కడ దాటుతుంది. ఇక్కడ రెండు హద్దుల మధ్య ఆరు మెట్ల దూరం ఉంది. నాలుగు నుంచి తొమ్మిది దాకా అడుగులన్నీ సరిగ్గానే ఉంటాయి, నిలబడడానికి మొదలు మాత్రం ఉండదు. ఒకటి దగ్గర 2 > 1 ఎప్పటిలాగే నిజంగా ఉండి, ఎప్పటిలాగే దేనికీ పనికిరాదు. వాడు పదిని తనంతట తాను కనుక్కుని వచ్చి, 'మరి n⁴ కి?' అని అడిగితే మీరు కూడా వాడితో కూర్చుని లెక్క వేయండి. అక్కడ అడుగు ఆరు నుంచి పనిచేస్తుంది. వాక్యం పదహారు దగ్గర సరిగ్గా సమానమై, పదిహేడు నుంచి నిజమవుతుంది.